30 సెంటీమీటర్ల మట్టిలో 15 మీటర్ల ఒత్తిడి

"అన్నా, చిన్న పెట్టెను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అసలు నేల ఒత్తిడి ఎలా వస్తుంది? చెన్నైలో ఎంటెక్ వైవా, టెన్షన్‌గా ఉంది."

తమ్ముడూ, ఘనమీటరుకు 18 కిలోన్యూటన్ల బరువున్న మట్టి 15 మీటర్ల లోతున 270 కిలోపాస్కల్స్ ఒత్తిడిలో ఉంటుంది. 30 సెంటీమీటర్ల మోడల్ అడుగున అది 5.4 మాత్రమే. గురుత్వం 50 రెట్లయ్యేలా తిప్పితే మళ్లీ 270. మట్టి బలం, గట్టిదనం ఒత్తిడిని బట్టే మారతాయి. తిప్పకపోతే వదులు ఇసుక కూడా గట్టి ఇసుకలా నటిస్తుంది.

పళ్లికరణై లాంటి చిత్తడి నేల మీద కట్ట వేశారనుకో. నీరు బయటికి పోయే దారి 50 రెట్లు చిన్నది, కాబట్టి ఏడాది కుంగుడు మూడున్నర గంటల్లో కనిపిస్తుంది. కాలం దారి పొడవు వర్గాన్ని బట్టి, అంటే 50 × 50 = 2500 రెట్లు తగ్గుతుందన్నమాట.

వైవాలో మెలిక భూకంపం దగ్గరే పెడతారు. ఊపు కాలం 50 రెట్లే తగ్గుతుంది, నీరు జారుకునే కాలమేమో 2500 రెట్లు తగ్గుతుంది. అందుకే తడి ఇసుక ఊపుకి ద్రవంలా మారే ద్రవీభవనం పరీక్షల్లో నీటికి బదులు 50 రెట్లు చిక్కటి ద్రవం పోస్తారు.