జపాన్‌లో వీసా పొడిగింపు: గడువు దాటినా ఉండవచ్చా?

ప్రశ్న: నా రెసిడెన్స్ కార్డు జూన్ 20తో ముగుస్తుంది. ఎప్పటి నుంచి దరఖాస్తు చేయవచ్చు? ఈలోగా నిర్ణయం రాకపోతే దేశం విడిచి వెళ్లాలా?

జవాబు: అక్కర్లేదు. మీ నివాస అనుమతి ఆరు నెలలు లేదా అంతకు మించినదైతే గడువుకు మూడు నెలల ముందు నుంచి, అంటే మార్చి 20 నుంచి, ఇమ్మిగ్రేషన్ కార్యాలయం దరఖాస్తు తీసుకుంటుంది. జూన్ 20లోపు అది అందితే చాలు. నిర్ణయం వచ్చేవరకు, లేదా గడువు తర్వాత రెండు నెలల వరకు, ఏది ముందైతే అంతవరకు పాత హోదాలోనే ఉండవచ్చు, ఉద్యోగమూ చేయవచ్చు. మీ విషయంలో ఆగస్టు 20 ఆఖరి హద్దు. అనుమతి వచ్చిందని ఊరుకోకండి, కొత్త కార్డు కూడా ఆలోపే చేతికి రావాలి. కార్యాలయానికి వెళ్లి ఇస్తే కార్డు వెనుక దరఖాస్తు ముద్ర వేస్తారు. ఆన్‌లైన్‌లో ఇస్తే ఆ ముద్ర ఉండదు కనుక, స్వీకరించినట్లు వచ్చిన మెయిల్‌ను దాచుకోండి.