మదరసా గోడ మీది ఒక్క వాక్యం

ప్రశ్న: మాది నంద్యాల. మా అమ్మాయి మదరసాలో ఆలిమా కోర్సు పూర్తి చేసింది, దూరవిద్యలో బీఏ కూడా అయింది. ఇప్పుడు ప్రవక్త మాటలను పరిశీలించే హదీసు శాస్త్రం మీదే పీజీ, ఆపైన పరిశోధన చేస్తానంటోంది. "ఏ హదీసు నమ్మదగిన సహీహో, ఏది బలహీనమైన జయీఫో పెద్దలు ఎప్పుడో తేల్చేశారు, ఇక మిగిలింది కంఠస్థం చేయడమే కదా" అని వాళ్ల నాన్నగారి అభ్యంతరం. తను చదివిన మదరసా గోడ మీద "విద్య నేర్చుకోవడం ప్రతి ముస్లిం పురుషుడికీ, స్త్రీకీ విధి" అన్న హదీసు రాసి ఉంటుంది. దాన్ని చూపించి మమ్మల్ని ఒప్పించాలని చూస్తోంది. పంపమంటారా?

జవాబు: అమ్మా, ఆ గోడ మీది మాటను మీరు ప్రస్తావించడం నాకు కలిసొచ్చింది. కాలేజీలు, కోర్సుల సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ ఒక్క వాక్యాన్ని మీ అమ్మాయి చేత పరీక్ష చేయించండి. ఈ రంగంలో రోజంతా చేసే పని అదే. వారం రోజులు ఆ పని చేశాక కూడా ఆమెకు విసుగు రాకపోతే అప్పుడు ఫీజు గురించి ఆలోచించవచ్చు.

ఆ వాక్యం ఇబ్నె మాజా హదీసు సంకలనం మొదటి భాగంలో ఉంటుంది. అక్కడ అది ఒంటరిగా లేదు, దాని ముందు అయిదుగురి పేర్లున్నాయి. ఇబ్నె మాజాకు హిషామ్ బిన్ అమ్మార్ చెప్పారు, ఆయనకు హఫ్స్ బిన్ సులైమాన్, ఆయనకు కసీర్ బిన్ షిన్జీర్, ఆయనకు ముహమ్మద్ బిన్ సీరీన్, ఆయనకు ప్రవక్త (స) సహచరులైన అనస్ బిన్ మాలిక్ (రజి). దీన్నే సనద్ అంటారు. మాట ఎంత బాగున్నా, ఈ గొలుసులో ప్రతి కొక్కెం గట్టిదని తేలనిదే ఆ మాటను ప్రవక్తకు ఆపాదించడానికి హదీసు పండితులు ఒప్పుకోరు. ఎప్పటినుంచి ఇలా అడగడం మొదలైందో చెప్పింది ఇదే గొలుసులో ఉన్న ఇబ్నె సీరీన్. మొదట్లో ఎవరూ సనద్ అడిగేవారు కాదని, ముస్లింలలో అంతఃకలహం చెలరేగాక "ఎవరి నుంచి విన్నారో పేర్లు చెప్పండి" అనడం మొదలైందని ఆయన అన్నట్లు ఇమామ్ ముస్లిం తన గ్రంథానికి రాసిన ముందుమాటలో ఉంది.

మొదట చూడవలసింది వీళ్లు ఒకరినొకరు కలిసే వీలుందా అన్నది. అందుకు తేదీలు, ఊళ్లు కావాలి. అనస్ హిజ్రీ 93 ప్రాంతంలో బస్రాలో చనిపోయారు. ఇబ్నె సీరీన్ కూడా బస్రావారే, ఆయన మరణం 110లో. పైగా ఆయన తండ్రి సీరీన్ ఒకప్పుడు అనస్ దగ్గర బానిస, తర్వాత విముక్తి పొందినవాడు. కాబట్టి అది ఇంటి పరిచయమే. ఇటు చివర ఇబ్నె మాజా పుట్టింది 209లో, హిషామ్ దమస్కస్‌లో చనిపోయింది 245లో. అక్కడా ఇబ్బంది లేదు.

తేదీలకు అంత పట్టింపు ఎందుకంటే, అబద్ధం ముందుగా బయటపడేది అక్కడే. హిమ్స్ పట్టణానికి ఉమర్ బిన్ మూసా అనే ఆయన వచ్చి, ఖాలిద్ బిన్ మఅదాన్ అనే గురువు నుంచి విన్నానంటూ హదీసులు చెప్పసాగాడు. ఉఫైర్ అనే స్థానికుడు ఏ సంవత్సరంలో విన్నారని అడిగాడు. నూట ఎనిమిదిలో అన్నాడు. ఎక్కడ అంటే ఆర్మేనియా దండయాత్రలో అన్నాడు. "ఖాలిద్ పోయింది నూట నాలుగులో. చనిపోయిన నాలుగేళ్లకు విన్నారన్నమాట! పైగా ఆయన ఆర్మేనియా దండయాత్రకు వెళ్లనే లేదు" అన్నాడు ఉఫైర్. వాదన అంతటితో ముగిసింది.

ఇప్పుడు అసలు చిక్కు, హఫ్స్ బిన్ సులైమాన్. కొత్తవాళ్లు బోల్తా పడేది ఈ పేరు దగ్గరే. నేను చదువుకునే రోజుల్లో నేనూ పడ్డాను. హదీసులు చెప్పినవాళ్ల, అంటే ఉల్లేఖకుల నిఘంటువు తెరిస్తే ఈ పేరుతో ఇద్దరు కనిపిస్తారు. ఒకరు బస్రాకు చెందిన మిన్‌ఖరీ, నమ్మదగినవారని పేరున్నవారు. రెండోవారు కూఫాకు చెందిన అసదీ. గొలుసులో ఈయన తర్వాతి పేర్లన్నీ బస్రావాళ్లవి కనుక ఈయన కూడా బస్రావాడే అనిపిస్తుంది. అలా అనుకున్నారా, సనద్ నిక్షేపంగా నిలబడుతుంది, మీరు తప్పు తీర్పు ఇచ్చేసినట్లే. నిజానిజాలు తేల్చేది హిషామ్ పుట్టిన తేదీ. ఆయన పుట్టింది 153లో. బస్రా హఫ్స్ అప్పటికి ఇరవై ఏళ్ల కిందటే కన్నుమూశారు. కూఫా హఫ్స్ 180 దాకా ఉన్నారు. ఇంకా గట్టి రుజువు కావాలంటే ఇమామ్ మిజ్జీ రాసిన తహ్‌జీబుల్ కమాల్ చూడాలి. అందులో ప్రతి ఉల్లేఖకుడి కింద అతని గురువులెవరో, శిష్యులెవరో పేర్ల జాబితాలుంటాయి. మన ఉల్లేఖకుడి ముందూ వెనకా ఉన్న పేర్లు రెండూ అందులో దొరికితే మనిషిని గుర్తుపట్టినట్లే. కంప్యూటర్‌లో పేరు వెతికితే ఇద్దరూ ఒకేసారి తెర మీదికి వస్తారు. వాళ్లలో ఎవరన్నది మాత్రం చదివేవారే తేల్చుకోవాలి.

ఈ కూఫా హఫ్స్ ఎవరో మీ ఇంట్లో అందరికీ తెలుసు, పేరు తెలియకపోవచ్చు. మన దేశంలో అచ్చయ్యే ఖురాన్ ప్రతులు, మీ అమ్మాయి నేర్చుకున్న పఠనం, అన్నీ తన గురువు ఆసిమ్ నుంచి ఈయన అందించిన పద్ధతిలోనివే. ఖురాన్ పఠనంలో అంతటి ఖారీ! హదీసు దగ్గరికి వచ్చేసరికి బుఖారీ ఆయన గురించి "పండితులు ఆయన్ని వదిలేశారు" అని రాశారు. ఇబ్నె హజర్ తీర్పు ఒకే వాక్యంలో ఈ రెండూ చెబుతుంది. పఠనంలో ఇమామే, అయినా హదీసులో మత్రూక్, అంటే విడిచిపెట్టదగినవాడు.

ఎందుకు విడిచిపెట్టారో కూడా చూడాలి. ఆ కాలపు హదీసు విమర్శకుడు షుఅబా చెప్పిన మాట ఒకటుంది. హఫ్స్ తన దగ్గర ఒక పుస్తకం తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదని, ఆయన జనం పుస్తకాలు తీసుకుని నకలు చేసుకునేవారని. ఆ కాలంలో గురువు నోట వినడం, రాసుకున్నదాన్ని ఆయనకు చదివి వినిపించి సరిచూసుకోవడం పద్ధతి. ఎవరి పుస్తకంలోనో కనబడింది ఎక్కించుకుంటే ఏది తాను విన్నదో, ఏది కానిదో కలగాపులగమవుతుంది. మరోపక్క ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ నుంచి హఫ్స్‌ను మెచ్చుకున్న మాటా వచ్చింది, మత్రూక్ అన్న మాటా వచ్చింది. ఇలా తగువు వచ్చినచోట, కారణం చూపిన విమర్శకు కారణం చెప్పని మెప్పు కంటే ఎక్కువ విలువ ఇస్తారు. మీ అమ్మాయి ఇక్కడ తడబడకూడదు. పెద్దవారన్న గౌరవం వేరు, ఆయన జ్ఞాపకం మీద తీర్పు వేరు. ఆ రెంటినీ కలిపేసేవారికి ఈ చదువు పడదు.

జ్ఞాపకాన్ని ఎలా పరీక్షించేవారో ఒక ముచ్చట చెబుతాను. హదీసు విమర్శకుడు యహ్యా బిన్ మయీన్ కూఫాలో అబూ నుఐమ్ అనే ఉల్లేఖకుడిని పరీక్షించాలనుకున్నారు. వద్దని అహ్మద్ బిన్ హంబల్ వారించినా వినలేదు. అబూ నుఐమ్ చెప్పే ముప్పై హదీసులు కాగితం మీద రాసి, ప్రతి పదింటికీ ఆయనది కాని హదీసు ఒకటి చేర్చి చదివి వినిపించారు. పది విని ఊరుకున్న అబూ నుఐమ్, పదకొండోది వినగానే "ఇది నాది కాదు, కొట్టెయ్" అన్నారు. రెండోసారీ అంతే. మూడోసారి సంగతి అర్థమైంది. ఇది నీ పనేనంటూ యహ్యాను ఒక్క తన్ను తన్ని లోపలికి వెళ్లిపోయారు. ఆ తన్ను తనకు ఈ ప్రయాణం కంటే ప్రియమైనదన్నారు యహ్యా! ఇలాంటి పరీక్షలో తలూపి "అవును, నాదే" అనేసే ఉల్లేఖకులూ ఉన్నారు. మన గొలుసులోని హిషామ్‌కే ముసలితనంలో ఎవరైనా అందించిన మాటను ఒప్పేసుకునే బలహీనత వచ్చింది. అందుకే ఆయన పాత ఉల్లేఖనాలు మేలు అని రాశారు.

సనద్ బలహీనమని తేలింది. అంతమాత్రాన వాక్యాన్ని కొట్టేయరు, అదే మాట వేరే దారుల్లో వచ్చిందేమో వెతుకుతారు. "విద్యను అన్వేషించడం ప్రతి ముస్లింపై విధి" అన్న మాట అనస్ నుంచి మరికొన్ని దారుల్లోనూ, ఇతర సహచరుల నుంచీ వచ్చింది. వాటిలోనూ లోపాలున్నాయి. అయితే లోపం మతిమరుపు లాంటి తేలికపాటిదైతే, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు మతిమరుపువాళ్లు ఒకే మాట చెప్పినప్పుడు అది కొంత బలం. మత్రూక్ అయినవాడి సాక్ష్యం ఆ లెక్కలోకి రాదు, కాబట్టి హఫ్స్ దారిని పక్కన పెట్టి మిగతావి చూడాలి. ఇలా కూడి చూసి ఇది హసన్ స్థాయికి, అంటే సహీహ్‌కు ఒక మెట్టు కిందికి, చేరుతుందన్నారు మిజ్జీ. సుయూతీ యాభై దారులు పోగుచేశారు. వారికంటే ఎంతో ముందువాడైన ఇమామ్ అహ్మద్ మాత్రం ఈ విషయంలో తమ దగ్గర ఏదీ రుజువు కాలేదన్నారని చెబుతారు. "తేల్చేశారు కదా" అన్న మీవారికి నా సమాధానం ఇదే. దారులను ఎలా తూచాలన్న దగ్గర పెద్దల మధ్యే తేడా ఉంది, ఆ తూకం చదవగలిగేవారు కావాలి.

ఇబ్నె మాజాలో ఆ వాక్యం అక్కడితో ఆగదు. అనర్హులకు విద్య అప్పగించేవాడు పందుల మెడలో రత్నాలు, ముత్యాలు, బంగారం వేసినవాడితో సమానమని రెండో భాగం ఉంది. మొదటి భాగానికి దొరికినన్ని తోడు దారులు దీనికి దొరకలేదు, అందుకే ఇది చాలా బలహీనమనే తీర్పుతో మిగిలిపోయింది. ఒకే హదీసులో ఒక వాక్యం లేచి నిలబడి, పక్క వాక్యం కూలబడిందన్నమాట. ఇక మీ గోడ మీది "స్త్రీకీ" అన్న మాట ఏ దారిలోనూ లేదు, కొందరు రచయితలు చేర్చారని సఖావీ రాశారు. అర్థం మాత్రం సరైనదేనని ఆయనే అన్నారు, అరబీలో ముస్లిం అన్న మాటలో స్త్రీలూ వస్తారు. అర్థం నిజం కావడం ఒకటి, ప్రవక్త ఆ మాట పలికారని రుజువు కావడం మరొకటి. మీ అమ్మాయి మిమ్మల్ని ఒప్పించడానికి ఆ గోడను చూపించడంలో తప్పులేదు కానీ, పరిశోధనా పత్రంలో ఆ పదం రాస్తే గైడు ఎర్రసిరాతో కొట్టేస్తారు.

ఆడపిల్ల అని సందేహిస్తున్నారేమో, జహబీ మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. వేలాది ఉల్లేఖకుల లోపాలు ఏకరువు పెట్టిన ఆయన, అబద్ధమాడిందన్న ఆరోపణ పడిన స్త్రీ ఎవరూ తనకు తెలియదని రాశారు.

చదువు సంగతి. హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ, ఉస్మానియాలోనూ ఇస్లామిక్ స్టడీస్ విభాగాలున్నాయి. బీఏ ఉంది కాబట్టి మదరసా సర్టిఫికెట్‌కు గుర్తింపు ఉందా లేదా అన్న తలనొప్పి మీకు లేదు. అధ్యాపక ఉద్యోగానికి నెట్ పరీక్షలో అరబ్ కల్చర్ అండ్ ఇస్లామిక్ స్టడీస్ అనే సబ్జెక్టు ఉంది. ఖాళీలు తక్కువ, కాబట్టి అరబిక్‌లో కూడా నెట్ రాయమనండి. దానితోపాటు రాతప్రతుల సంపాదకత్వం నేర్చుకుంటే మేలు. నిజానికి ఈ శాస్త్రానికి హైదరాబాద్ పరాయి ఊరు కాదు. 1888లో ఇక్కడ మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ ఇబ్నె హజర్ రాసిన తహ్‌జీబుత్ తహ్‌జీబ్‌ను పన్నెండు సంపుటాలుగా, ఇబ్నె అబీ హాతిమ్ రాసిన అల్ జర్హ్ వత్ తఅదీల్‌ను తొమ్మిది సంపుటాలుగా అచ్చువేసింది. ఉల్లేఖకుల గుణదోషాలు వెతికేవారు ఏ దేశంలో ఉన్నా ఈ పుస్తకాలను పట్టుకోక తప్పదు. తెలుగులో వస్తున్న హదీసు అనువాదాలకు ఒక్కో హదీసు మూలం, సనద్ స్థితి చూసిపెట్టే పని కూడా ఉంది. డబ్బు కొద్దిగానే వస్తుంది కానీ, అరబీ, తెలుగు రెండూ వచ్చినవారు అరుదు.

చేరే ముందు మీ అమ్మాయికి నా తరఫున ఇంకో వాక్యం ఇవ్వండి. "చైనా వెళ్లి అయినా విద్య నేర్చుకోండి" అన్నది ఆమెకు కంఠస్థమై ఉంటుంది. అందులో అనస్ నుంచి విన్నానని చెబుతున్న అబూ ఆతికా అనే ఆయన ఎవరో, బుఖారీ, ఇబ్నె హిబ్బాన్ ఆయన గురించి ఏమన్నారో, ఆయనకు తోడు పలికినవారు ఎవరైనా ఉన్నారో లేదో చూసి ఒక పేజీ రాయమనండి. ఆ పేజీ నాకు పంపండి.