గోడ దగ్గర ఆగిన లెక్క: గేట్ కోచింగా, సిమ్యులేషన్ కోర్సా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ మిడ్ పరీక్షలో, గోడకు కొంచెం ఎడంగా ఉన్న కడ్డీని వేడి చేసే లెక్కకు సున్నా వచ్చింది. సూత్రం సరిగ్గానే వేశానంటున్నాడు. వాడికి పునాదే లేదేమోనని భయంగా ఉంది. ఇప్పుడే గేట్ కోచింగ్‌లో చేర్చాలా, లేక అందరూ చెబుతున్న సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చాలా? జవాబు పత్రం జతచేస్తున్నాను. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పత్రం చూశాను. మీ అబ్బాయికి పునాది ఉంది. వాడు వేసిన సూత్రం కూడా సరైనదే, కాకపోతే అది వేరే లెక్కకు చెందినది. ఇలాంటి ఉత్తరాలు ప్రతి సెమిస్టర్‌లోనూ వస్తాయి. వాటిలో కోర్సుల ఫీజుల వివరాలు ఉంటాయి కానీ, పిల్లవాడు ఏ వరుసలో తడబడ్డాడో ఉండదు. మీ ఉత్తరమూ అలాగే ఉంది కాబట్టి ముందు ఆ వరుస దగ్గరికే వెళదాం.

లెక్కలో ఉన్నది 1 మీటరు పొడవు గల ఉక్కు కడ్డీ. దాని ఒక చివర గోడలో బిగించి ఉంది, రెండో చివరకూ ఎదురుగోడకూ మధ్య 0.5 మిల్లీమీటరు ఖాళీ ఉంది. ఉష్ణోగ్రత 60 డిగ్రీలు పెరిగితే కడ్డీలో స్ట్రెస్, అంటే దాని అడ్డుకోతలో ఒక్కో యూనిట్ వైశాల్యం మీద పడే బలం, ఎంత అన్నది ప్రశ్న. ఉక్కు ప్రతి డిగ్రీకీ మీటరుకు 0.012 మిల్లీమీటరు సాగుతుంది, కాబట్టి అడ్డు లేకపోతే ఈ కడ్డీ 0.72 మిల్లీమీటరు పెరిగేది. మీ అబ్బాయి ఈ అంకె వరకూ సరిగ్గా వచ్చి, ఆ మొత్తం పెరుగుదలను గోడ ఆపేసినట్టు భావించి, దాన్ని పొడవుతో భాగించి, ఉక్కు ఎంత బిగువైనదో చెప్పే యంగ్ గుణకం 200 గిగాపాస్కల్‌తో గుణించి 144 మెగాపాస్కల్ అని రాశాడు. ఖాళీ అసలు లేని కడ్డీకి అది సరైన జవాబు.

వేడి చేసినంత మాత్రాన కడ్డీలో స్ట్రెస్ పుట్టదు. సాగాలనుకున్న కడ్డీని ఏదైనా ఆపినప్పుడే పుడుతుంది. ఈ కడ్డీ మొదటి 41.7 డిగ్రీల వరకూ ఎవరి అడ్డూ లేకుండా సాగి ఖాళీని పూడుస్తుంది, అంతవరకూ దానిలో స్ట్రెస్ సున్నా. ఎదురుగోడను తాకిన క్షణం నుంచి కథ మారుతుంది: మిగిలిన 18.3 డిగ్రీలకు సాగవలసిన 0.22 మిల్లీమీటరును గోడ సాగనివ్వదు, ఆ మేరకు కడ్డీ నలుగుతుంది. 0.22ను 1000తో భాగించి యంగ్ గుణకంతో గుణిస్తే 44 మెగాపాస్కల్, అదీ సంపీడన స్ట్రెస్. గోడను తాకిన తరువాత ఒక్కో డిగ్రీ 2.4 మెగాపాస్కల్ చొప్పున చేరుస్తుందని మరో దారిలో లెక్కించినా అదే 44 వస్తుంది; రెండు దారులూ కలిశాయంటే లెక్క కుదిరినట్టే.

సూత్రంగా రాస్తే ఇంతే:

σ = E (αLΔT − δ) / L

ఇందులో σ అంటే స్ట్రెస్, E యంగ్ గుణకం, α ప్రతి డిగ్రీకీ ఉక్కు సాగే నిష్పత్తి, L కడ్డీ పొడవు, ΔT ఉష్ణోగ్రతలో పెరుగుదల, δ ఖాళీ. ఈ సూత్రాన్ని బట్టీ పట్టిన పిల్లలు పడే రెండో గోతిని కూడా చెప్పాలి. ఉష్ణోగ్రత 60కి బదులు 40 డిగ్రీలే పెరిగిందనుకోండి. కడ్డీ 0.48 మిల్లీమీటరు సాగుతుంది, ఖాళీ పూడదు. సూత్రంలో అంకెలు వేస్తే మాత్రం మైనస్ 4 మెగాపాస్కల్ వస్తుంది, అంటే గోడ కడ్డీని తనవైపు లాగుతున్నట్టు! తాకని గోడ ఎలా లాగుతుంది? సరైన జవాబు సున్నా. అందువల్ల ఖాళీ పూడిందా లేదా అన్న పరీక్ష సూత్రం కన్నా ముందు జరగాలి. మీ అబ్బాయి దాటేసిన మెట్టు అదొక్కటే. దాన్ని నేర్పడానికి కోచింగ్ సెంటరు అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు.

ఇక మీరు అడిగిన పోలిక. గేట్‌లో ఉష్ణ స్ట్రెస్‌లు సిలబస్‌లోనే ఉన్నాయి, వాటికి పై తరహా ఆలోచనే కావాలి. కాని రెండో సంవత్సరంలోనే అబ్బాయిని ఆదివారం కూడా కూర్చోబెట్టవలసినంత తొందరేమీ లేదు. సిమ్యులేషన్ కోర్సు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని మీద నాకు అనుమానాలు ఎక్కువ. సాఫ్ట్‌వేర్ మీద నాకు పేచీ లేదు, పరిశ్రమలు దాన్ని నిజంగానే వాడతాయి. పేచీ అంతా కొన్ని వారాల్లో బటన్లు నేర్పి పంపే పద్ధతి మీద. ఇదే కడ్డీని అందులో గీసి, రెండు చివర్లనూ కదలకుండా బిగించి వేడి చేయమంటే అది 144 చూపిస్తుంది. ఖాళీని గీసి, కడ్డీకీ గోడకూ మధ్య తాకిడి ఉంటుందని చెప్పకపోతే, కడ్డీ గోడలోంచి దూసుకుపోయినట్టు సాగి, స్ట్రెస్ సున్నా చూపిస్తుంది. రెండు ఉపరితలాల మధ్య కాంటాక్ట్ నిర్వచించి, ఉష్ణోగ్రతను అంచెలంచెలుగా పెంచి పరిష్కరించమంటేనే 44కు దగ్గరగా వస్తుంది. మూడు సందర్భాలలోనూ తెర మీద రంగులు ముచ్చటగానే ఉంటాయి, మూడింటిలోనూ ఎర్రర్ సందేశం రాకపోవచ్చు. ఏది నిజమో చెప్పవలసింది కూర్చున్న మనిషి, ఆ మనిషి కాగితం మీద ఈ లెక్క చేయగలిగినవాడై ఉండాలి. మీ అబ్బాయిని ఇప్పుడే ఆ కోర్సులో వేస్తే, ఈ రోజు చేతితో చేసిన తప్పునే రేపు రంగుల్లో చేస్తాడు.

ఇక్కడ మీతో కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు. ఒక్క లెక్కలో సున్నా వచ్చిందని పునాది లేదన్న తీర్పు మీరెలా ఇచ్చారు? అదే పత్రంలో వాడు వ్యాకోచాన్ని ప్రమాణాలతో సహా తప్పు లేకుండా లెక్కించాడు. మార్కు ఇవ్వని ఉపాధ్యాయుడి కన్నా, ఆ వరుస చదవని మీదే ఎక్కువ పొరపాటు.

ఈ లెక్క పుస్తకంలో ఆగిపోయేది కాదని కూడా వాడికి చూపించండి. మన రైలు మార్గాల్లో 13 మీటర్ల పట్టాలను అతుకుపలకలతో కలిపిన చోట వదిలే సందు ఇదే ఖాళీ. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే ఆ పొడవున్న పట్టా దాదాపు 6 మిల్లీమీటర్లు సాగాలనుకుంటుంది, సందు అంతకన్నా తక్కువైతే మిగతాది స్ట్రెస్ అవుతుంది. అక్కడ మరో ప్రమాదం కూడా ఉంది: సన్నని పొడవాటి కడ్డీ నలిగి విరిగేకన్నా ముందే పక్కకు వంగిపోతుంది. మన కడ్డీ 20 మిల్లీమీటర్ల వ్యాసం గలదై, రెండు చివర్లూ మడతబందుల్లా తిరగగలిగితే, సుమారు 49 మెగాపాస్కల్ దగ్గరే వంగుతుంది. 44 అంటే ఆ అంచుకు చాలా దగ్గర; 144 అయితే మామూలు ఉక్కు ఈల్డ్ కాకపోయినా, అంటే శాశ్వతంగా రూపం మారకపోయినా, కడ్డీ మాత్రం ఎప్పుడో వంగిపోయి ఉండేది. గోడ నిజంగా కదలనిదేనా అన్నదీ అడగవలసిన ప్రశ్నే: ఆ బలానికి గోడ 0.1 మిల్లీమీటరు వెనక్కి జరిగిందంటే స్ట్రెస్ 24కు పడిపోతుంది.

కాబట్టి ఈ సెమిస్టర్‌కు రెండు కోర్సులూ పక్కన పెట్టండి. ఇదే లెక్కను 40, 42, 60 డిగ్రీలకు మూడుసార్లు చేయమని, ప్రతిసారీ మొదటి వరుసలో ఖాళీ పూడిందో లేదో రాయమని చెప్పండి. 42 డిగ్రీలకు ఒక మెగాపాస్కల్ కన్నా తక్కువ రావాలి. ఆపై మూడో సంవత్సరంలో సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్న కోరిక వాడికే కలిగితే, ఈ కడ్డీతోనే మొదలుపెట్టమనండి. 44 వచ్చేవరకూ రెండో మోడల్ జోలికి పోనివ్వకండి.