టెక్ సందేహాలు: హెడ్‌లైన్ గెలిచింది, మరి మిగతా పేజీ?

ప్రశ్న: మాది ఇంట్లో చేసే పచ్చళ్ల వ్యాపారం. అమెరికాకూ పంపుతాం. మా ఆర్డర్ పేజీకి రెండు హెడ్‌లైన్లు పెట్టి మూడు వారాలు టెస్ట్ చేశాం. ‘అమ్మమ్మ చేతి ఆవకాయ’ చూసిన 2,000 మందిలో 60 మంది ఆర్డర్ ఇచ్చారు. ‘అమెరికాలో ఉన్న మీ పిల్లలకు నూనె కారకుండా చేరే ఆవకాయ’ చూసిన 2,000 మందిలో 84 మంది ఇచ్చారు. ఇప్పుడు పేజీ మొత్తం తిరగరాయాలంటున్నాడు మా డిజైనర్. ఏం మార్చాలి, ఏం ఉంచాలి? – ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: డిజైనర్‌ని కాసేపు ఆగమనండి. ఆ 84 మంది కొన్నది పాత పేజీ చూసే కదా! హెడ్‌లైన్ ఒక్కటే మారింది. దాని కింద మీ అమ్మమ్మ కథ, ధరలు, ఫోటోలు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కాబట్టి మిగతా పేజీ పనికిరాదని ఈ టెస్ట్ ఎక్కడా చెప్పలేదు. పైనున్న ఒక్క వాక్యం మారితే ఎక్కువ మంది కొన్నారు, తెలిసింది అంతవరకే.

ఆ గెలుపు కూడా ఎంత గట్టిదో చూసుకోవాలి. రెండు హెడ్‌లైన్లకూ నిజంగా ఏ తేడా లేకపోయినా, 60కి 84 లాంటి తేడా ఊరికే వచ్చేసే అవకాశం నూటికి నాలుగు వరకు ఉంది. అంటే నమ్మొచ్చు గానీ, ‘ఆర్డర్లు 40 శాతం పెరిగాయి’ అని రాసిపెట్టుకోకండి. అసలు లాభం నామమాత్రంగానే ఉండొచ్చు, మీరు చూసిన దానికంటే ఎక్కువా ఉండొచ్చు. మీరు క్లిక్కులు కాకుండా ఆర్డర్లు లెక్కపెట్టారు, అది మంచి పని. క్లిక్కుల్లో గెలిచి ఆర్డర్లలో చతికిలపడే హెడ్‌లైన్లు బోలెడు.

ఇప్పుడు గెలిచిన వాక్యాన్ని విడదీసి చూడండి. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి, నూనె కారదు. రెండు, ఇది పిల్లలకు పంపే పచ్చడి. ఏది పనిచేసిందో టెస్ట్ చెప్పదు, ఎందుకంటే రెండూ కలిసే వెళ్లాయి. దీనికి జవాబు మీ వాట్సాప్‌లో దొరుకుతుంది. ఆర్డర్ ఇచ్చే ముందు జనం అడిగిన చివరి యాభై ప్రశ్నలు తీసి చదవండి. ‘బాక్సులో నూనె కారితే ఎలా అండీ?’ అన్నవి ఎక్కువ ఉన్నాయా, ‘మా అబ్బాయి అడ్రస్ ఇస్తే నేరుగా వాళ్లింటికే వెళ్తుందా?’ అన్నవి ఎక్కువ ఉన్నాయా? ఏ వైపు ఎక్కువుంటే ముందు ఆ వైపు మార్పులు మొదలుపెట్టండి.

నూనె గురించే ఎక్కువ అడిగారనుకుందాం. ఫోన్‌లో మీ పేజీ తెరిచి, కొత్త హెడ్‌లైన్ చదివిన మనిషిలా కిందికి జరపండి. ‘నూనె కారదు’ అన్న మాట చదివాక మొదట కనిపించేది ఏంటి? ఇలాంటి పేజీల్లో సాధారణంగా జాడీ ఫోటో, దాని కింద అమ్మమ్మ కథ, ఆ తర్వాత ధరలు ఉంటాయి. ప్యాకింగ్ గురించి ఎక్కడో అట్టడుగున ఒక్క లైన్. పైన ఇచ్చిన మాటకు రుజువు చూడాలంటే మూడు నాలుగు స్క్రీన్లు దాటాలి. ముందు సరిచేయాల్సింది అదే.

జాడీ ఫోటో తీసేసి, సీల్ చేసిన ప్యాకెట్‌ని తెల్లకాగితం మీద తలకిందులుగా పెట్టి ఫోటో తీయండి. రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున కాగితం మీద చుక్క నూనె లేకుండా ఇంకో ఫోటో. రెండూ పక్కపక్కన పెడితే పేరాగ్రాఫ్ రాయక్కర్లేదు. (ఒకవేళ చుక్క పడిందా, హెడ్‌లైన్ కంటే ముందు ప్యాకింగ్ మార్చుకోవాలి!) ఫోటో కింద రెండు లైన్లు: ఎన్ని పొరల్లో ప్యాక్ చేస్తారు, కారితే ఏం చేస్తారు. డబ్బు వెనక్కిస్తారా, మళ్లీ పంపుతారా? చేయగలిగిందే రాయండి. అమ్మమ్మ కథను తీసేయొద్దు, ధరల కిందికి దించండి చాలు. ఆ కథ చదివి కొన్నవాళ్లూ ఉండే ఉంటారు.

ధరలు, డబ్బు కట్టే పేజీ, పచ్చళ్ల జాబితా ముట్టుకోకండి. హెడ్‌లైన్ వాటి గురించి ఏమీ చెప్పలేదు. ఈ తప్పు నేనూ చేశాను. ఒకసారి గెలిచిన హెడ్‌లైన్ ఊపులో పేజీ అంతా మార్చేశాను, ధరల పట్టికతో సహా. ఆర్డర్లు తగ్గాయి. దేనివల్ల తగ్గాయో నాకు ఈ రోజుకీ తెలీదు.

మార్చాక మళ్లీ టెస్ట్ పెట్టాలి. ఈసారి రెండు వైపులా గెలిచిన హెడ్‌లైనే ఉంటుంది. ఒక వైపు పాత పేజీ, ఇంకో వైపు ఫోటో, ఆ రెండు లైన్లు, మారిన వరుస. ‘ఒకసారి ఒక్క మార్పే చేయాలి’ అని అందరూ చెబుతారు. మీ లెక్కకు అది కుదరదు. 100కి 4.2 ఆర్డర్లు 5.2 అయ్యాయని తేల్చాలంటే ఒక్కో వైపు సుమారు 7,000 మంది చూడాలి. మూడు వారాలకు 4,000 మంది వస్తున్న పేజీకి అది దాదాపు పదకొండు వారాలు. ఫోటోకి ఒకసారి, లైన్లకి ఒకసారి, వరుసకి ఒకసారి అంటూ కూర్చుంటే ఈ ఏడాది కొత్తావకాయ సీజన్ దాటిపోతుంది. అందుకే ‘నూనె కారదు’ అన్న ఒక్క ఆలోచనకు చెందినవన్నీ ఒక కట్టగా మార్చండి. ఆ ఆలోచనకు చెందనిది ఏదీ అందులో కలపొద్దు. అప్పుడు గెలిచినా ఓడినా దేనివల్లో తెలుస్తుంది. మధ్యలో రోజూ లెక్క చూసి, ముందున్న రోజు ఆపేయడం కూడా పనికిరాదు.

అన్ని వారాలు ఏమీ తెలియకుండా ఎదురుచూడక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ క్లారిటీ ఉచితం. జనం పేజీలో ఎక్కడి దాకా వెళ్లారో, ఎక్కడ ఆగారో రికార్డింగుల్లో కనిపిస్తుంది. కొత్త పేజీలో, క్లారిటీ కోడ్ తర్వాత ఈ లైన్ పెట్టించండి:

```
window.clarity("set", "page", "new");
```

పాత పేజీలో `new` బదులు `old` అని ఉండాలి. తర్వాత ఫిల్టర్లలో ఈ ట్యాగ్ ఎంచుకుంటే ఏ పేజీ రికార్డింగులు ఆ పేజీవే విడిగా వస్తాయి. లైన్ పెట్టిన తర్వాత వచ్చినవాళ్లకే ట్యాగ్ పడుతుంది కాబట్టి టెస్ట్ మొదలయ్యే రోజే పెట్టించాలి. పేజీకి ఇరవై రికార్డింగులు చూడండి. ప్యాకెట్ ఫోటో దగ్గర జనం కాసేపు ఆగి చూస్తుంటే మీ ఊహ సరైన దారిలో ఉన్నట్టే. దాన్ని దాటేసి అడ్రస్ ఫారం దగ్గర తచ్చాడుతుంటే పనిచేసింది ‘పిల్లలకు’ అన్న మాటేమో! ఇరవైతో తీర్పు ఇవ్వలేం గానీ, తర్వాతి టెస్ట్ దేని మీద పెట్టాలో తెలుస్తుంది.

ఆ ఫారాన్ని ఒకసారి మీరే నింపి చూడండి. విజయవాడలో ఉన్న తల్లి డబ్బు కట్టి డల్లాస్‌లో ఉన్న కొడుక్కి పంపాలంటే, పంపేవాళ్ల ఫోన్ నంబరూ అందుకునేవాళ్ల ఫోన్ నంబరూ వేరువేరుగా ఇచ్చే వీలుండాలి. ఒక్కటే గడి ఉంటే దాన్ని మార్చడానికి మాత్రం టెస్ట్ కోసం ఆగకండి. ఇవాళే మార్చేసి, రెండు పేజీల్లోనూ ఒకేలా పెట్టండి.