అన్నం సంగతి తర్వాత, ముందు డైపర్లు లెక్కపెట్టండి

ప్రశ్న: మా బాబుకి 18 నెలలు. డాక్టర్ హ్యాండ్ ఫుట్ మౌత్ అన్నారు. నోటినిండా పుండ్లు, రెండు రోజుల నుంచి ముద్ద ముట్టడం లేదు. ఏం పెట్టాలి? పెద్ద పాపకి ఏడేళ్లు, తనకీ అంటుకుంటుందా?

ఏమీ పెట్టకండి. నిజంగానే చెప్తున్నా. మూడు నాలుగు రోజులు అన్నం తినకపోతే బాబుకి ఏమీ కాదు. తాగకపోతే మాత్రం రెండో రోజుకే సెలైన్ దాకా వెళ్తుంది. నేను ఆ అంచు దాకా వెళ్లొచ్చాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా చిన్నాడికి అప్పుడు 20 నెలలు, బరువు పదికిలోలు. జూన్‌లో ప్లేస్కూల్ తెరిచిన వారానికే జ్వరం, 101. పైగా ఒకటే చొంగ. "దవడ పళ్లు వస్తున్నాయిలే" అన్నారు మా అత్తయ్య. నేనూ సరేననుకున్నా. మర్నాడు పాల సీసా నోట్లో పెట్టగానే ఒక్క గుక్క తాగి, సీసా విసిరికొట్టి ఏడవడం మొదలుపెట్టాడు. ఆకలేసి సీసా కోసం చేయి చాస్తాడు, నోటికి తగలగానే కెవ్వుమంటాడు. ఇది అలక కాదు, లోపల ఏదో మండుతోందని అప్పుడు వెలిగింది. టార్చి వేసి చూస్తే నాలుక అంచున, అంగిట్లో ఎర్రటి పుండ్లు. సాయంత్రానికి అరికాళ్లలో, అరచేతుల్లో, పిరుదుల మీద చుక్కలు తేలాయి.

అత్తయ్య వెంటనే "అమ్మవారు పోసిందే" అని వేపాకు తెప్పించారు. ఆటలమ్మ అయితే ముందు పొట్ట మీద, వీపు మీద లేచి దురద పెడుతుంది. ఇది చేతులు, కాళ్లు, నోరు చూసుకుని వస్తుంది. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, పల్లెలో గేదెలకొచ్చే గాలికుంటు ఇదేనా అని అడిగారు. పేరు దగ్గరగా ఉంది కానీ ఆ వైరస్ వేరు, ఈ వైరస్ వేరు. గేదెల నుంచి మనకి రాదు.

ఆ రాత్రే నేను తప్పు చేశాను. మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం కలిపి చలవ చేస్తుందని పట్టబోయాను. పచ్చిపుండు మీద ఉప్పూ పులుపూ! ఆ తర్వాత చెంచా చూపిస్తే చాలు, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. రాత్రి తొమ్మిదింటికి మార్చిన డైపర్ పొద్దున ఏడింటికి కూడా పొడిగానే ఉంది. ఏడుస్తున్నాడు, కంట్లో నీరు లేదు. పరుగెత్తుకెళ్లాం.

డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న "ఆఖరిసారి పాస్ ఎప్పుడు పోశాడమ్మా?" ఏం తిన్నాడని అడగనే లేదు. సెలైన్ పెట్టే ముందు ఒక్క గంట ప్రయత్నిద్దామని అక్కడే కూర్చోబెట్టారు. ముందు పారాసెటమాల్. బరువుని బట్టి వాడికి 150 మిల్లీగ్రాములు. 250 సిరప్ అయితే 3 మి.లీ., 125 సిరప్ అయితే 6 మి.లీ., రెండు డోసుల మధ్య కనీసం ఆరు గంటలు. సీసా మీద అంకె చూడకుండా మూతతో కొలిచి పోయకండి. నాకు తెలియని సంగతి ఏమిటంటే, ఈ జబ్బులో ఆ మందు జ్వరానికి మాత్రమే కాదు, నోటి నొప్పికి కూడా. మందు వేశాక అరగంట ఆగాలి. నొప్పి తగ్గిన ఆ సమయంలోనే తాగించాలి. నేనేమో పట్టినంత సేపు పట్టి, ఏడ్చాక మందు వేసేదాన్ని.

అరగంటయ్యాక సూది లేని సిరంజి ఇచ్చారు. చల్లటి ఓఆర్ఎస్ 5 మి.లీ. తీసుకుని, నాలుక మీద కాకుండా బుగ్గ పక్కన మెల్లగా వదలాలి. మూడు నిమిషాలకొకసారి. వినడానికి నవ్వొస్తుంది కానీ లెక్కేయండి, గంటకి 20 సార్లు అంటే 100 మి.లీ. పదికిలోల పిల్లాడికి రోజు మొత్తానికి పాలు, నీళ్లు అన్నీ కలిపి సుమారు లీటరు చాలు. గ్లాసుతో ఒక్కసారి తాగించాలని యుద్ధం చేస్తే కక్కుతాడు. సిరంజితో వాడికి తెలియకుండానే దిగుతుంది. రెండో గంటలో డైపర్ తడిసింది. ఆ తడి చూసి నేను ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో పెట్టిన పాలు, కొబ్బరినీళ్లు, కుల్ఫీ కరిగించి చెంచాతో, సీజన్ చివర దొరికిన తాటిముంజలు తొక్క తీసి మెత్తగా చిదిమి చల్లగా. ఐస్‌క్రీమ్ పెడితే జలుబు చేస్తుందని అత్తయ్య గొడవ చేశారు. నేను వినలేదు. చల్లదనం పుండుని కాసేపు మొద్దుబారుస్తుంది. టమాటా, బత్తాయి, కారం, వేడివేడి రాగిజావ మాత్రం వద్దు. మందుల షాపులో నోట్లో రాసే మత్తు జెల్ ఇచ్చారు, డాక్టర్ గారు చూసి అక్కడే పారేయించారు. ఇంత చిన్నపిల్లలకి అది ప్రమాదమట.

ఇంకో కోపం ఓఆర్ఎస్ గురించి. నేను మొదట తెచ్చినవి జ్యూస్ డబ్బాలు, పేరులో ఓఆర్ఎస్ అని ఉంటే చాలనుకున్నా. చక్కెర నీళ్లు! 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. దాని కోసం హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. మీరు పొడి ప్యాకెట్టే కొనండి, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని చూసి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం సగం కాదు. 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి.

ఎనిమిది గంటలు పాస్ లేకపోయినా, కన్నీళ్లు రాకపోయినా, మగతగా ఉన్నా ఆగకండి. జ్వరం మూడు రోజులు దాటినా, నిద్రలో ఉలిక్కిపడుతున్నా, నడక తూలినా, వాంతులు ఆగకపోయినా నేరుగా ఆసుపత్రికే. అవి అరుదు, కానీ అప్పుడు ఇంటి వైద్యం కాదు. యాంటీబయాటిక్ రాయమని బతిమాలకండి, ఇది వైరస్.

పెద్ద పాప సంగతి. అంటుకోవచ్చు, కానీ ఏడేళ్లకి తరచుగా తేలిగ్గా పోతుంది. మా ఇంట్లో నాకే వచ్చింది, గొంతు నొప్పి, వేళ్ల కొసల్లో మంట. సోకాక మూడు నుంచి ఆరు రోజులకి బయటపడుతుంది. చొంగ, ముక్కు చీమిడి, పొక్కుల నీరు, మలం, అన్నిటిలోనూ వైరస్ ఉంటుంది. మలంలో అయితే తగ్గాక కూడా వారాల తరబడి. అందుకే డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ఒక నెల పాటు. శానిటైజర్‌ని నమ్ముకోకండి, ఈ వైరస్ మీద అది సరిగా పనిచేయదు. గ్లాసు, టవల్ వేరు చేయండి.

మా ప్లేస్కూల్ వాళ్లు మాత్రం చర్మం మీద మచ్చ పూర్తిగా పోయేదాకా రానివ్వలేదు. అసలు మచ్చలు రాకముందు, జ్వరం రోజునే బాగా అంటించి ఉంటాడు! పక్క బెంచీ పిల్లాడిని జ్వరంతోనే పంపిన తల్లిని ఎవరూ అడగలేదు. జ్వరం లేకుండా, చొంగ ఆగి, పొక్కులు ఎండితే పంపొచ్చని మా డాక్టర్ గారి మాట.

ఆ తర్వాత నెలకి వాడి బొటనవేలి గోరు మొదట్లో లేచి ఊడొచ్చింది. మళ్లీ పరుగెత్తా. ఇది కూడా ఆ జబ్బు పనేనట, కొత్తది దానంతట అదే వస్తుందన్నారు. వచ్చింది. ఇప్పుడు ఆ గోటితోనే మా ఫోన్ గీకుతున్నాడు.