రెండో గ్రేడ్ అనగానే ఆపరేషనేనా?

ప్రశ్న: మా పొమేరియన్‌కు రెండేళ్లు. నడుస్తూ నడుస్తూ వెనక కాలెత్తి రెండు గెంతులు గెంతి, మళ్లీ మామూలుగా నడుస్తుంది. మోకాలి చిప్ప జారుతోంది, రెండో గ్రేడ్ అన్నారు డాక్టర్. ఆపరేషన్ చేయించాలా, ఆగొచ్చా? మాది ఎంవీపీ కాలనీ.

జవాబు:

మాదీ పొమేరియనే, సీతమ్మధారలో ఉంటాం. మా బుజ్జికి కుడి కాలు ఒకటో గ్రేడ్, ఎడమది రెండు. కుడికాలి జోలికి పోలేదు. ఎడమ కాలికి ఏడు నెలలు ఆగి చేయించాం.

ముందు గ్రేడ్ ఎలా వేశారో అడగండి. మేం మొదట వెళ్లిన చోట బల్ల మీద నిలబెట్టి ఒక్కసారి నొక్కి "మూడు" అనేశారు. అది భయంతో కాళ్లు బిగబట్టేసింది మరి. ఇంకోచోట పక్కకు పడుకోబెట్టి, కాలు చాపి, పాదాన్ని లోపలికి తిప్పుతూ చిప్పను నెమ్మదిగా తోసి చూశారు. వేలు తీయగానే గాడిలోకి వచ్చేస్తే ఒకటి. తనంతట తనే జారి, కాలు చాపినప్పుడో మనం తోస్తేనో తిరిగొస్తే రెండు. ఎప్పుడూ బయటే ఉండి, తోస్తే లోపలికొచ్చి వదలగానే జారితే మూడు. తోసినా రాకపోతే నాలుగు.

కుంటనప్పుడు ఒకటో గ్రేడ్‌కు కత్తి అక్కర్లేదు. మూడు, నాలుగు వచ్చి కుంటుతుంటే సాధారణంగా ఆపరేషనే. ఎదిగే పిల్లయితే ఎముక వంకర తిరగకముందే సర్జన్‌కు చూపించాలి. తికమకంతా రెండుతోనే.

మాకు దారి చూపింది క్యాలెండర్. రోజూ ఇరవై నిమిషాల నడకలో ఎన్నిసార్లు కాలెత్తిందో రాసుకున్నాం, మొదట్లో పదిసార్లు. దాని బరువు 4.8 కిలోల నుంచి 4కి దించాం (మా అమ్మ పెరుగన్నం మాన్పించడమే పెద్ద పని). టైల్స్ మీద చాపలు పరిచి, అరికాళ్ల వేళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరించి, సోఫా దూకుళ్లు ఆపించాం. మూడో నెలకు రెండుసార్లకు తగ్గింది. అప్పుడే ఊపిరి పీల్చుకున్నాం కానీ, అయిదో నెల నుంచి మళ్లీ ఎనిమిది. ఎడమ తొడ కండ కుడిదాని కంటే సన్నబడింది. మా నిర్ణయం అక్కడే అయిపోయింది.

చిప్ప కూర్చునే గాడిని లోతు చేసి, మోకాలి కింది ఎముక పైభాగంలో కండర బంధనం అతుక్కునే బొడిపెను కోసి పక్కకు జరిపి, సన్నని పిన్నులతో బిగించారు. అసలు గండం తర్వాతే. ఎముక అతికేదాకా గెంతనిస్తే పిన్ను కదలొచ్చు, బొడిపె ఊడొచ్చు, చిప్ప మళ్లీ జారొచ్చు. మూడో వారం బుజ్జి మంచం మీంచి దూకి కాలు వాచింది. ఎక్స్‌రేలో పిన్నులు కదల్లేదు కాబట్టి బతికిపోయాం. ఎనిమిది వారాలు చిన్న కంచెలోనే ఉంచి, బయటికి లీష్‌తోనే తీసుకెళ్లాం.

మీరూ రెండు మూడు నెలలు లెక్క రాయండి. తగ్గుతుంటే ఆగండి. ఒక్కసారిగా కాలు కింద పెట్టడమే మానేస్తే ఆ రోజే చూపించండి, మోకాలి లోపలి లిగమెంటు తెగి ఉండొచ్చు. నొప్పికి మన ఇంట్లో ఉండే ఐబుప్రోఫెన్ మాత్రం వేయకండి, కుక్కలకు అది విషం.