వ్యాప్తిలో 1 ఎందుకు రాదు?

> "y = (x²+2x+4)/(x²+2x+3) వ్యాప్తి కనుక్కోవాలి. విచక్షణి పెట్టి చేస్తే నాకు [1, 3/2] వచ్చింది, కీలో (1, 3/2] అని ఉంది. ఎవరిది తప్పు?"

కీ కరెక్టే. మీ లెక్కలో అసమీకరణం దాకా తప్పేమీ లేదు, ఆ తర్వాత ఒక్క అడుగు వదిలేశారు.

అడ్డగుణకారం చేసి x ఘాతాల ప్రకారం సర్దితే ఇలా వస్తుంది:

(y−1)x² + 2(y−1)x + (3y−4) = 0

x వాస్తవం కావాలి కాబట్టి విచక్షణి ≥ 0 అని రాస్తాం, 4తో భాగిస్తే (y−1)² − (y−1)(3y−4) ≥ 0, అంటే (y−1)(3−2y) ≥ 0, దాంతో 1 ≤ y ≤ 3/2. ఇక్కడ చాలామంది (y−1)ని కొట్టేస్తారు, మీరు కొట్టేయలేదు, మంచిదైంది, దాని గుర్తు తెలియకుండా కొట్టేస్తే కింది హద్దే పోతుంది.

అసలు చిక్కు ఏమిటంటే విచక్షణి నియమం వర్గ సమీకరణానికే చెల్లుతుంది. y = 1 అయితే x² గుణకం సున్నా, అది వర్గ సమీకరణమే కాదు! అందుకే ఆ విలువను విడిగా ప్రతిక్షేపించి చూడాలి: x² పోయింది, x కూడా పోయింది, మిగిలింది −1 = 0. అసాధ్యం, కాబట్టి 1 తీసేయాలి. అలాగని ప్రతిసారీ కళ్లు మూసుకుని తీసేయకండి; (x²−x+1)/(x²+x+1)లో y = 1 పెడితే 2x = 0, x = 0 దొరుకుతుంది, అక్కడ 1 ఉంటుంది.

పై హద్దు 3/2 మాత్రం x = −1 దగ్గర నిజంగానే వస్తుంది, x స్థానంలో −1 వేసి చూసుకోండి. హారం విచక్షణి 4−12 = −8, ఎప్పుడూ సున్నా కాదు, కాబట్టి ఆ వైపు టెన్షన్ లేదు.